వైఫై పాస్‌వర్డ్ మార్చుకోమని మెయిల్ పంపితే కస్టమర్లు రీసెట్ నొక్కేస్తున్నారు. మెయిల్‌లో తప్పెక్కడ?

గౌతమి_డెస్క్

మాది గోదావరి పక్కన చిన్న టౌన్. ఇంటింటికీ ఫైబర్ ఇంటర్నెట్ ఇచ్చే ఆఫీసులో కంప్లైంట్ డెస్క్ చూసేది నేనొక్కదాన్నే. వైఫై పాస్‌వర్డ్ మార్చాలని రోజూ ఫోన్లు వస్తాయి. ప్రతి ఇంటికీ మనిషిని పంపలేం కాబట్టి ఈ మెయిల్ తయారు చేశాను:

"ప్రియమైన వినియోగదారులకు, మీ ఫోన్‌ను వైఫైకి కనెక్ట్ చేసుకుని బ్రౌజర్ ఓపెన్ చేసి 192.168.1.1 టైప్ చేసి లాగిన్ అయి WLAN లోకి వెళ్ళి పాస్‌వర్డ్ మార్చి Apply నొక్కగలరు. మార్చిన తర్వాత అన్ని డివైస్‌లను తిరిగి కనెక్ట్ చేసుకోగలరు. గమనిక: రూటర్ వెనుక ఉన్న Reset బటన్ నొక్కరాదు."

పోయిన నెలలో ఈ మెయిల్ అందుకున్నవాళ్ళలో అయిదుగురు పిన్నీసుతో రీసెట్ నొక్కారు. రీసెట్ చేస్తే రూటర్‌లో మేం ఎక్కించిన కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోతాయి. దాంతో నెట్ పూర్తిగా ఆగిపోయింది, అయిదు ఇళ్ళకీ మనిషిని పంపక తప్పలేదు. నొక్కొద్దని స్పష్టంగా రాశాను కదా! ఓనర్ నన్ను అడుగుతున్నారు. ఎక్కడ మార్చాలో చెప్పండి.

కొబ్బరితోట

మెయిల్ ఎవరూ చదవరండీ. ఫోన్ చేసి చెప్పడమే నయం.

గౌతమి_డెస్క్

ఫోన్‌లో ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు పడుతోంది. ఆ టైంలో మిగతా కంప్లైంట్లన్నీ ఆగిపోతాయి.

శంషాబాద్_మాన్యువల్స్

మీ మొదటి వాక్యాన్ని పెన్సిల్ పట్టుకుని చదవండి. చేసుకుని, చేసి, చేసి, అయి, వెళ్ళి, మార్చి, నొక్కగలరు. ఏడు పనులు, ఒక్క ఫుల్‌స్టాప్. తెలుగులో ఇది చాలా తేలిగ్గా జరిగిపోతుంది. 'చేసి, వెళ్ళి, మార్చి' అని ఎన్ని పనులైనా గుచ్చుకుంటూ పోవచ్చు, వాక్యం ఎక్కడా విరగదు, చదవడానికి హాయిగా కూడా ఉంటుంది. చదవడం వరకైతే పరవాలేదు. మీ కస్టమర్ దాన్ని చదవడం లేదు, చేస్తున్నాడు. ఒక పని చేయడానికి కళ్ళు మెయిల్ నుంచి తీస్తాడు, చేసి మళ్ళీ మెయిల్‌కి వస్తాడు. వచ్చాక ఎక్కడిదాకా చేశాడో వెతుక్కోవాలి. రెండు 'చేసి'లు ఉన్న వాక్యంలో తన చోటు దొరకదు.

పైగా మెయిల్, బ్రౌజర్ రెండూ ఒకే ఫోన్‌లో ఉన్నాయి. ప్రతి పనికీ స్క్రీన్ మారుతుంది. నంబర్ ఉంటే "నేను 6 చేశాను, ఇప్పుడు 7" అని గుర్తుంటుంది.

నేను విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ మీద పనిచేస్తాను. మా దగ్గర సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ అని ఒక నియమావళి ఉంది. పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు. ఒక వాక్యంలో ఒకే ఆదేశం ఉండాలి. 1980లలో యూరప్ విమాన తయారీ కంపెనీల సంఘం దీన్ని తయారు చేసింది. ఇంగ్లిష్ మాతృభాష కాని మెకానిక్‌లు కూడా అదే మాన్యువల్ పట్టుకుని పనిచేయాలి కదా, అందుకు. తెలుగుకి 20 పదాల లెక్క పనికిరాదు, మన పదాలు ఒక్కోటి ఇంగ్లిష్‌లో మూడు పదాల పెట్టు. ఆదేశం ఒకటే అన్న నియమం మాత్రం మనకి ఇంకా ఎక్కువ అవసరం.

వరంగల్_వేణు

అక్కా, అసలు సంగతి వేరే ఉంది. 'Reset బటన్ నొక్కరాదు' అని రాసినవ్ కదా. మా దిక్కు 'చెప్పరాదు', 'తినరాదు' అంటే చెప్పొచ్చు కదా, తినొచ్చు కదా అని బతిమాలుడు. మా అమ్మ నీ మెయిల్ చదివితే రీసెట్ నొక్కమని నువ్వే చెప్తున్నవ్ అనుకుంటది.

గౌతమి_డెస్క్

ఇది నాకు నిజంగా తట్టలేదు వేణు గారూ. మా కస్టమర్లలో తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళూ ఉన్నారు. అయిదుగురిలో ఎవరైనా వాళ్ళా అన్నది చూడాలి.

ఉప్పాడ

మా ఇంట్లో సాయంత్రం ఏడు తర్వాత నెట్ బాగా స్లో అవుతోంది. పాస్‌వర్డ్ మారిస్తే స్పీడ్ పెరుగుతుందా?

కొబ్బరితోట

పక్కింటివాళ్ళు మీ వైఫై వాడుతుంటే పెరుగుతుంది. లేకపోతే పెరగదు. ఇక్కడ చర్చ మెయిల్ గురించి అండీ.

ఆడిటర్_ఆఫీస్_లక్ష్మి

'నొక్కరాదు' సంగతి ఒప్పుకుంటాను. కానీ 'నొక్కగలరు' మర్యాద మాటే కదా? మా ఆఫీసు ఉత్తరాలన్నీ 'పంపగలరు', 'గమనించగలరు' అనే ఉంటాయి. కస్టమర్‌ని 'నొక్కండి, మార్చండి' అని ఆదేశిస్తే బాగుంటుందా?

శంషాబాద్_మాన్యువల్స్

లక్ష్మి గారూ, 'అండి'లోనే మర్యాద ఉంది. 'కూర్చోండి' అంటే ఎవరూ నొచ్చుకోరు. 'Apply నొక్కగలరు' అంటే, అవసరమైతే నొక్కవచ్చు, మీ ఇష్టం అని కూడా తీసుకోవచ్చు. స్టెప్స్‌లో రెండు అర్థాలొచ్చే మాట ఉండకూడదు. చేయాల్సినవన్నీ 'చేయండి'. చేయకూడనివన్నీ 'చేయకండి'. మర్యాదంతా మెయిల్ మొదటి రెండు వాక్యాల్లో చూపించొచ్చు.

ఆడిటర్_ఆఫీస్_లక్ష్మి

సరే, స్టెప్స్ వరకూ ఒప్పుకుంటాను. ఉత్తరానికి ఒప్పుకోను.

డల్లాస్_బాబాయ్

ఇన్ని కబుర్లెందుకు? స్క్రీన్‌షాట్లు పెట్టి ఎర్ర గీతతో గుండ్రంగా చుట్టేస్తే చాలు. రాత అక్కర్లేదు. నేను మా అమ్మకి తెనాలిలో టీవీ సెట్టింగ్స్ అలాగే పంపిస్తాను.

గౌతమి_డెస్క్

బాబాయ్ గారూ, మేం ఇచ్చిన రూటర్లు మూడు రకాలు. స్క్రీన్లు వేరువేరుగా ఉంటాయి. తనది ఫొటోలో ఉన్నట్టు లేకపోతే కస్టమర్ అక్కడే ఆగిపోయి ఫోన్ చేస్తారు. నేను ఒకసారి ప్రయత్నించాను కూడా. కొందరి ఫోన్లలో బొమ్మల చోట ఖాళీ గళ్ళే కనిపించాయి, నొక్కితేనే తెరుచుకుంటాయి.

డల్లాస్_బాబాయ్

అయితే మూడు మెయిల్స్ చెయ్యమ్మా, రూటర్‌కి ఒకటి. ఎవరి దగ్గర ఏ రూటర్ ఉందో మీ రికార్డులో ఉంటుందిగా.

గౌతమి_డెస్క్

ఇది బాగుంది. ఉంటుంది.

సర్వర్_రూమ్_సాయి

గౌతమి గారూ, మీ 'గమనిక' చివర్లో ఉండటం గురించి ఎవరూ అనలేదు. నాకు తగిలిన దెబ్బ అదే.

మా సైట్‌ను నడిపే ఇంజిన్‌ఎక్స్ అనే సర్వర్ ప్రోగ్రామ్‌లో ఒక మార్పు రాత్రి డ్యూటీలో చేయమని, మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడికి మెయిల్ పెట్టాను. "కాన్ఫిగ్ ఫైల్‌లో టైమ్‌అవుట్ 60 నుంచి 120కి మార్చి ఇంజిన్‌ఎక్స్ రీస్టార్ట్ చెయ్. రీస్టార్ట్ చేసే ముందు సింటాక్స్ టెస్ట్ చేసుకో." వాడు మొదటి వాక్యం చదివాడు, చేశాడు. తర్వాత రెండో వాక్యం చదివాడు. మార్చిన లైన్ చివర సెమీకోలన్ పడలేదు. రీస్టార్ట్ కాబట్టి నడుస్తున్న సర్వీస్ ముందు ఆగింది, ఫైల్‌లో తప్పు ఉండటంతో మళ్ళీ లేవలేదు. సైట్ నలభై నిమిషాలు పడిపోయింది. వాడు నా మెయిల్‌ని రాసిన వరసలోనే పాటించాడు. తప్పు వాడిది కాదు, నాది.

ఇప్పుడు ఇలా రాస్తాను. ఫైల్ మార్చడం అయ్యాక:

4\. ఈ కమాండ్ ఇవ్వు.

```
sudo nginx -t
```

చివరి లైన్‌లో `test is successful` అని ఉండాలి. లేకపోతే ఇక్కడే ఆగు, నాకు ఫోన్ చెయ్.

5\. ఈ కమాండ్ ఇవ్వు.

```
sudo systemctl reload nginx
```

`restart` బదులు `reload` పెట్టాను. `reload` అయితే, ఫైల్‌లో తప్పున్నా పాత సెట్టింగ్స్‌తో సర్వీస్ నడుస్తూనే ఉంటుంది.

శంషాబాద్_మాన్యువల్స్

సాయి గారు చెప్పింది బంగారం. 'ఫలానా పని చేసే ముందు' అని తెలుగులో మొదలుపెడితే, చదివేవాడి కంటికి ముందు పడేది ఆ ఫలానా పనే. 'ముందు', 'అంతకుముందు' అన్న మాటలు స్టెప్స్‌లో కనిపించాయంటే వరస తప్పిందని అర్థం. ఏది ముందు చేయాలో దానికి చిన్న నంబర్ ఇస్తే ఆ మాట అవసరమే ఉండదు.

హెచ్చరిక కూడా అంతే. ప్రమాదం ఏ స్టెప్‌లో ఉందో దానికి పైన రావాలి.

సర్వర్_రూమ్_సాయి

ఇంకొకటి. కమాండ్లు మెయిల్‌లో పెట్టేవాళ్ళు వర్డ్‌లో టైప్ చేసి తేకండి. రెండు చిన్న గీతలు కలిపి ఒక పొడుగు గీత చేసేస్తుంది. కోట్స్ వంకర తిరుగుతాయి. చూస్తే ఒకేలా ఉంటుంది, కాపీ చేసి ఇస్తే ఎర్రర్ వస్తుంది. జూనియర్ గంటసేపు తన తప్పే అనుకుంటాడు.

చిన్నక్క

అందరూ మెయిల్ రాత గురించే మాట్లాడుతున్నారు. అసలు వాళ్ళు రీసెట్ ఎందుకు నొక్కారో అడిగారా గౌతమి? ఊరికే పిన్నీసు వెతికి ఎవరూ నొక్కరు కదా.

గౌతమి_డెస్క్

మంచి మాట అడిగారు చిన్నక్కా. ఈ మధ్యాహ్నం అయిదుగురిలో ముగ్గురికి ఫోన్ చేశాను. ముగ్గురూ ఒకటే చెప్పారు. Apply నొక్కగానే వైఫై పోయింది. పేజీ అలాగే తిరుగుతూ ఉండిపోయింది. ఫోన్ పాత పాస్‌వర్డ్‌తో కలవడానికి చూసి, పాస్‌వర్డ్ తప్పు అని చూపించింది. ఏదో చెడిపోయిందనుకున్నారు. ఒకాయన అన్న మాట: "గమనిక చదివానమ్మా. కానీ అప్పటికే పాడైపోయింది కదా, ఇంక నొక్కితే ఏమవుతుందిలే అనుకున్నా."

అంటే పాస్‌వర్డ్ మారింది. పని సరిగ్గానే జరిగింది. జరిగిందని వాళ్ళకి తెలియలేదు.

శంషాబాద్_మాన్యువల్స్

చిన్నక్క గారు అసలు చోటు పట్టుకున్నారు. పాస్‌వర్డ్ మారగానే రూటర్ పాత పాస్‌వర్డ్‌తో ఉన్న ఫోన్లన్నిటినీ బయటికి నెట్టేస్తుంది. అది మీకు తెలుసు కాబట్టి రాయలేదు. వాళ్ళకి తెలియదు కాబట్టి భయపడ్డారు. స్టెప్ కింద, ఇప్పుడు ఏం కనిపిస్తుంది అన్నది ఒక లైన్ రాయండి. అది పని కాదు, ఫలితం. కాబట్టి దానికి నంబర్ వేయకండి.

ఆడిటర్_ఆఫీస్_లక్ష్మి

ఎందుకు వేయకూడదు? అన్నిటికీ వేస్తేనే ఫోన్‌లో "ఎన్నో నంబర్ దగ్గర ఉన్నారు" అని అడగడానికి వీలు.

శంషాబాద్_మాన్యువల్స్

నంబర్ ఉంటే ఏదో చేయాలనుకుంటారండీ. '15. వైఫై పోతుంది' అని ఉంటే, వైఫై తానే ఆపాలేమో అని ఆపేవాళ్ళుంటారు.

గౌతమి_డెస్క్

రాత్రి కూర్చుని మళ్ళీ రాశాను. ఒక రకం రూటర్‌కి మాత్రమే. చూడండి:

"ఈ మెయిల్‌లో చెప్పినట్టు చేస్తే మీ వైఫై పాస్‌వర్డ్ మీరే మార్చుకోవచ్చు. పది నిమిషాలు పడుతుంది.

రూటర్ వెనుక సన్నని రంధ్రం పక్కన Reset అని ఉంటుంది. దాన్ని ఎప్పుడూ నొక్కకండి. నొక్కితే మా మనిషి వచ్చేదాకా ఇంటర్నెట్ రాదు. ఎక్కడైనా ఆగిపోతే ఆ నంబర్ గుర్తుంచుకుని మాకు ఫోన్ చేయండి.

మొదటి భాగం: సిద్ధం చేసుకోవడం

1\. కొత్త పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాయండి. కనీసం 8 ఉండాలి, ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు మాత్రమే.

2\. రూటర్ కింద ఉన్న స్టిక్కర్‌ను ఫొటో తీయండి.

3\. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి.

4\. ఫోన్‌ను మీ ఇంటి వైఫైకి కలపండి.

రెండో భాగం: పాస్‌వర్డ్ మార్చడం

5\. ఫోన్‌లో Chrome తెరవండి.

6\. అన్నిటికంటే పైన ఉన్న గడిలో 192.168.1.1 అని టైప్ చేయండి.

7\. కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కండి.
యూజర్‌నేమ్ అడిగే పేజీ వస్తుంది. రాకపోతే 3 నుంచి మళ్ళీ చేయండి.

8\. స్టిక్కర్ మీద ఉన్న యూజర్‌నేమ్ టైప్ చేయండి.

9\. స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డ్ టైప్ చేయండి.

10\. Login నొక్కండి.

11\. WLAN నొక్కండి.

12\. WPA PreSharedKey పక్కన గడిలో ఉన్నదంతా చెరపండి.

13\. అదే గడిలో కొత్త పాస్‌వర్డ్ టైప్ చేయండి.

14\. పేజీ అడుగున ఉన్న Apply నొక్కండి.
ఇప్పుడు మీ వైఫై పోతుంది. ఏదీ చెడిపోలేదు. పాస్‌వర్డ్ మారిందని అర్థం.

మూడో భాగం: ఫోన్‌ను మళ్ళీ కలపడం

15\. ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్ తెరవండి.

16\. మీ వైఫై పేరు పక్కన ఉన్న గుర్తు నొక్కండి.

17\. Forget నొక్కండి.

18\. మీ వైఫై పేరు నొక్కండి.

19\. కాగితం మీద రాసుకున్న కొత్త పాస్‌వర్డ్ టైప్ చేయండి.

20\. Connect నొక్కండి."

కొబ్బరితోట

ఇరవయ్యా! చూడగానే ఫోన్ పక్కన పెట్టేస్తారు.

ఆడిటర్_ఆఫీస్_లక్ష్మి

నాదీ అదే మాట. 8, 9, 10 కలిపి 'స్టిక్కర్ మీద ఉన్న వివరాలతో లాగిన్ అవ్వండి' అంటే ఒక్క లైన్. 18, 19, 20 కూడా అంతే. పది దాటితే ఎవరికైనా టెన్షనే.

సర్వర్_రూమ్_సాయి

లాగిన్ కలపడం జూనియర్‌కైతే సరే, వాడు రోజూ చేసేదే. స్టిక్కర్ మీద రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి లక్ష్మి గారూ, ఒకటి వైఫైది, ఒకటి లాగిన్‌ది. కస్టమర్ అక్కడే తప్పుతాడు. గౌతమి గారూ, 9లో ఏ పాస్‌వర్డో చెప్పాలి మీరు.

గౌతమి_డెస్క్

అవును! రాస్తాను. స్టిక్కర్ మీద ఏ పేరుతో ఉందో అదే పేరు పెడతాను.

వరంగల్_వేణు

అక్కా, Apply, Forget అని ఇంగ్లిష్‌లనే ఉంచినవ్. తెలుగు మెయిల్ కదా, 'వర్తింపజేయి' అని రాస్తే?

గౌతమి_డెస్క్

స్క్రీన్ మీద Apply అనే ఉంటుంది తమ్ముడూ. 'వర్తింపజేయి' అని రాస్తే ఆ మాట కోసం పేజీ అంతా వెతుకుతారు.

చిన్నక్క

ఇంగ్లిష్ అక్షరాలు రానివాళ్ళకి ఎలా మరి? మా అత్తగారు తెలుగు గడగడా చదువుతుంది, ఇంగ్లిష్ ముక్క రాదు. నీ మెయిల్‌లో Apply ఆవిడకి బొమ్మతో సమానం. బొమ్మ పోల్చుకుని నొక్కగలదేమో, పాస్‌వర్డ్ టైప్ చేయడమే కష్టం.

శంషాబాద్_మాన్యువల్స్

పాస్‌వర్డ్ మొత్తం అంకెలే పెట్టుకోమనవచ్చు. ఊహించడానికి తేలికవుతుంది, ఫోన్ నంబర్ పెట్టకూడదు. ఇది నాకూ పూర్తిగా తెగని సమస్యే.

మెయిల్ చాలా మెరుగైంది. ఒక అనుమానం. 14లో 'పేజీ అడుగున' అన్నారు. ఫోన్ స్క్రీన్ మీద అది కనిపించాలంటే కిందికి జరపాలి కదా. అది ఇంకో పని.

డల్లాస్_బాబాయ్

అలా అయితే 'ఊపిరి పీల్చండి' కూడా నంబర్ వేయాల్సి వస్తుంది!

శంషాబాద్_మాన్యువల్స్

బాబాయ్ గారూ, మా నియమావళిలోనూ మినహాయింపు ఉంది. రెండు పనులు ఒకేసారి జరగాల్సినవైతే ఒకే వాక్యంలో చెప్పొచ్చు. తెలుగులో 'నొక్కి పట్టుకోండి' అన్నది చూడటానికి రెండు క్రియలు, చేతికి ఒకే పని. 'చూసుకోండి', 'రాసి పెట్టుకోండి' కూడా అంతే. కాబట్టి 'చేసి', 'నొక్కి' లాంటి మాట కనిపించిన ప్రతిచోటా కత్తి వేయకూడదు. స్క్రీన్ జరపడం చేయి వేరుగా చేసే పని, మర్చిపోతే ఆగిపోతారు కూడా. నేనైతే నంబర్ వేస్తాను. మీ అభిప్రాయం మీది.

ఎవరితోనైనా చేయించి చూడండి గౌతమి గారూ. పక్కన కూర్చోండి, నోరు విప్పకండి. అదే కష్టం.

గౌతమి_డెస్క్

ఇవాళ మా పక్కింటి పిన్నితో చేయించాను. ఆవిడ ఫోన్, ఆవిడ రూటర్, నా మెయిల్. పక్కన కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

పిన్ని 1 దగ్గర క్యాలెండర్ వెనక కాగితం చింపి పాస్‌వర్డ్ రాసింది. ఆ కాగితం మీదే పక్కన 1, 2, 3 అని వేసుకుంటూ, అయినవి కొట్టేస్తూ వెళ్ళింది. నేను చెప్పలేదు. నంబర్లున్నాయి కాబట్టి ఆవిడకే తోచింది.

5 దగ్గర Chrome బదులు రంగుల G గుర్తున్న గూగుల్ యాప్ తెరిచింది. అందులో 192.168.1.1 కొడితే సెర్చ్ వైపు వెళ్ళింది, లాగిన్ పేజీ రాలేదు. 3 నుంచి మళ్ళీ చేయమన్నాను కదా, మళ్ళీ చేసింది, మళ్ళీ అదే. రెండోసారి నా వంక చూసింది. పెదవి కొరుక్కుని కూర్చున్నాను. చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు 5 ఇలా మార్చాను: 'ఫోన్‌లో Chrome తెరవండి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు చక్రం మధ్యలో నీలం చుక్క ఉంటుంది.'

13లో టైప్ చేస్తుంటే చుక్కలే కనిపించాయి. ఆవిడ ఒక అంకె రెండుసార్లు కొట్టింది, నేను చూశాను. అలాగే Apply నొక్కి ఉంటే ఎవరికీ తెలియని పాస్‌వర్డ్ పడేది. అప్పుడు వైఫై ద్వారా మళ్ళీ లోపలికి వెళ్ళే దారి లేదు. ఇక్కడ మాత్రం ఆపేశాను. 13 తర్వాత రెండు కొత్త స్టెప్స్ వచ్చాయి: గడి పక్కన ఉన్న కన్ను గుర్తు నొక్కండి, కనిపించినదాన్ని కాగితంతో పోల్చి చూడండి. స్క్రీన్ జరపడం కూడా చేర్చాను, నిజంగానే Apply కనపడక పిన్ని తడుముకుంది. మొత్తం 23.

వైఫై పోయినప్పుడు మాత్రం పిన్ని కంగారు పడలేదు. "పోతుందన్నావుగా" అంది.

సర్వర్_రూమ్_సాయి

పాస్‌వర్డ్ తప్పు పడినా దారి ఉంది గౌతమి గారూ. ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ పెడితే వైఫై లేకుండానే అదే పేజీ తెరుచుకుంటుంది. రీసెట్ అక్కర్లేదు.

గౌతమి_డెస్క్

అవును, మర్చిపోయాను. కానీ మా కస్టమర్లలో చాలామందికి ఫోన్ ఒక్కటే ఉంటుంది. అది మెయిల్‌లో పెట్టను, నా దగ్గర రాసుకుంటాను.

డల్లాస్_బాబాయ్

ఒక చిన్న సంగతి. మా అమ్మకి వచ్చే ఇలాంటి మెయిల్స్‌ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఒక్కోసారి నంబర్లు ఎగిరిపోతుంటాయి. మెయిల్ తానే వేసే నంబర్లు అవి. నువ్వు నంబర్లు చేత్తో టైప్ చెయ్యమ్మా. ఆ ఫలితం లైన్ మధ్యలో పెట్టినప్పుడు కూడా అవి మళ్ళీ 1 నుంచి మొదలవుతాయి కొన్నిసార్లు.

గౌతమి_డెస్క్

నాకు జరిగింది బాబాయ్ గారూ! 14 కింద లైన్ పెట్టగానే తర్వాతది 1 అయింది. కస్టమర్ "మూడో నంబర్ దగ్గర ఉన్నా" అంటే ఏ మూడో తెలిసేది కాదు. చేత్తోనే వేస్తున్నాను ఇప్పుడు.

ఆడిటర్_ఆఫీస్_లక్ష్మి

23 అంటే నాకు ఇప్పటికీ ఎక్కువే. కానీ ఇవాళ మా ఆఫీసులో కొత్తమ్మాయికి పాత ఫైళ్ళు స్కాన్ చేసే పని మెయిల్‌లో ఇచ్చాను. రాశాక 'చేసి'లు లెక్కపెట్టాను. ఒక వాక్యంలో అయిదు వచ్చాయి. విడగొట్టి పంపాను. ఒక్కసారి కూడా లేచి వచ్చి అడగలేదు. ఆ అమ్మాయి చురుకైందే కాబట్టి దానికి నా మెయిలే కారణమని చెప్పలేను.

గౌతమి_డెస్క్

వారం అయింది, కొత్త మెయిల్ ఏడుగురికి పంపాను. రీసెట్ ఎవరూ నొక్కలేదు. ఇద్దరు ఫోన్ చేశారు. ఒకాయనది 9, స్టిక్కర్ చెరిగిపోయిందట. అది నా మెయిల్‌తో తీరేది కాదు, మనిషిని పంపాం. రెండో ఆవిడ 23 దాకా చేసేశారు, ఫోన్ కలిసింది. ఆవిడ ప్రశ్న: "అమ్మా, టీవీ కూడా పోయింది. దానికి ఏ నంబర్ నుంచి చేయాలి?"

టీవీ గురించి ఒక్క లైన్ కూడా రాయలేదు నేను. సీసీ కెమెరాలున్నవాళ్ళకీ ఇదే వస్తుంది. ఒక్కో టీవీ రిమోట్ ఒక్కో రకం. దీనికి స్టెప్స్ రాసినవాళ్ళెవరైనా ఉన్నారా?

వరంగల్_వేణు

కొత్త పాస్‌వర్డ్ ఎందుకు మారుస్తున్నరో అడుగు అక్కా ముందు. మర్చిపోయినందుకే మారుస్తుంటే స్టిక్కర్ మీదున్న పాతదే మళ్ళీ పెట్టమను. టీవీల అదే ఉంటే దానికదే కలుస్తది.

గౌతమి_డెస్క్

వైఫై పేరు కూడా మార్చకుండా ఉంటేనే కదా. సగం మందికి ఇది పనికొస్తుంది. మిగతా సగం పక్కింటివాళ్ళకి పాస్‌వర్డ్ తెలిసిపోయిందని మార్చేవాళ్ళు.

చిన్నక్క

మా టీవీకి నేను రాసి పంపుతాను గౌతమి. ఆదివారం మా అత్తగారితో చేయించి చూసి పెడతాను.